"మీ ఆయన రాలేదా?"

పెళ్లికో గృహప్రవేశానికో ఒక్కతే వెళ్లిన ఆడమనిషిని మనవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఇదే. ఆ ప్రశ్నకు కొంతమంది దగ్గర జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఆయనకి ఆడిటింగ్ ఉంది, సెలవు దొరకలేదు, రాత్రి నుంచీ జ్వరం, రేపు తెల్లవారుజామునే ప్రయాణం. అసలు సంగతి ఏమిటంటే ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా మంచం మీదే ఉంది. గంట క్రితం దాకా వస్తాననే అన్నాడు. తీరా బయల్దేరే వేళకి కడుపులో తిప్పుతోందన్నాడు. అది నాటకం కాదు. నిజంగానే తిప్పింది.

ఇలాంటి ఇళ్లలో భార్య రెండు రకాలుగా నలిగిపోతుంది. తాను వెళితే అబద్ధం చెప్పాలి, మానేస్తే తనవాళ్లకి దూరమవ్వాలి. ఏళ్లు గడిచేకొద్దీ చాలామంది రెండోదానికే అలవాటు పడిపోతారు. ఒకరి భయం కోసం ఇద్దరి ప్రపంచమూ చిన్నదైపోతుంది. ఇలా మానుకోవడాన్ని మన ఇళ్లలో ప్రేమ అనీ, సర్దుబాటు అనీ అంటారు. అదే ఆ భయానికి మేత అవుతుందన్న సంగతి చాలామందికి తెలియదు.

దీన్ని వైద్యులు సోషల్ యాంగ్జయిటీ డిజార్డర్ అంటారు. 1966లో ఐజాక్ మార్క్స్, మైఖేల్ గెల్డర్ అనే బ్రిటిష్ మనోవైద్యులు మిగతా భయాల నుంచి దీన్ని విడదీసి వివరించారు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన రుగ్మతల పట్టికలో చేర్చింది. బిడియం చాలామందిలో ఉంటుంది. కొత్తవాళ్ల మధ్య పది నిమిషాలు ఇబ్బంది పడి ఆ తర్వాత కలిసిపోయేవాళ్ల గురించి కాదు ఈ మాట. నలుగురూ నన్ను గమనిస్తున్నారు, నేనేదో తప్పు చేసి నవ్వులపాలవుతాను అన్న భయం ఆరు నెలలకు మించి వదలకుండా ఉండి, ఉద్యోగాన్నో చదువునో బంధుత్వాలనో దెబ్బతీస్తుంటే అది రుగ్మత కిందకి వస్తుంది. ఎక్కువమందిలో 8 నుంచి 15 ఏళ్ల మధ్యే మొదలవుతుంది. అంటే పెళ్లినాటికే దాన్ని దాచుకోవడంలో మనిషికి పది పదిహేనేళ్ల సాధన ఉంటుంది. పెళ్లిచూపుల్లో తక్కువ మాట్లాడితే "కుర్రాడు నెమ్మదస్తుడు" అని అందరూ ముచ్చటపడతారు. భార్యకి సంగతి తెలిసేది మొదటి సంక్రాంతికి, కొత్త అల్లుడిని మధ్యలో కూర్చోబెట్టి ఇంటిల్లిపాదీ చుట్టూ మూగినప్పుడు.

స్వప్న, కిరణ్ అనే జంటను తీసుకుందాం. వీళ్లు ఏ ఒక్క ఇంటివాళ్లూ కాదు. ఇలాంటి చాలా ఇళ్లలో జరిగే సంగతులను ఒక జంటగా చేసి చెబుతున్నాను. విజయవాడ పటమటలో కాపురం. ఆమె స్కూలు టీచరు, అతను ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు. ఆఫీసులో అతనికి ఇబ్బంది తక్కువ. ఏం మాట్లాడాలో పనే చెబుతుంది, లెక్క తేలితే మాట అయిపోతుంది. పెళ్లి మండపంలో అలా ఉండదు. ఎవరు ఎప్పుడు వచ్చి ఏమడుగుతారో తెలియదు. "నన్ను గుర్తుపట్టావా?" అని ఓ పెద్దాయన భుజం మీద చెయ్యి వేస్తాడు. "ఆఫీసులో బాగానే ఉంటావుగా, మావాళ్ల దగ్గరే నీకు ఈ రోగం" అని స్వప్న ఎన్నోసార్లు అంది. పుట్టింటి వాళ్లంటే చిన్నచూపని ఆమె అమ్మ తేల్చేసింది. ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే, కానీ ఆ నిర్ధారణ తప్పు.

అతని లోపల జరిగేది వేరు. 1995లో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే సైకాలజిస్టులు దీన్ని విడమర్చి చెప్పారు. నలుగురిలోకి వెళ్లగానే ఈ మనిషి చూపు ఎదుటివాళ్ల మీద నుంచి తన మీదకే తిరుగుతుంది. గొంతు వణుకుతోందా, చెమట కనబడుతోందా, మొహం ఎర్రబడిందా అని తనను తానే కాపలా కాస్తాడు. లోపల తనకు ఎలా అనిపిస్తోందో బయటికి అలాగే కనిపిస్తున్నానని నమ్ముతాడు. ఎదుటివాళ్లు మామూలుగా నవ్వుతున్నా ఆ నవ్వు అతని కంటపడదు. దానికితోడు చిన్న చిన్న రక్షణలు ఏర్పాటు చేసుకుంటాడు. చేతిలో ఫోను వదలడు, స్తంభం పక్కన నిలబడతాడు, చెమట తెలియకుండా ముదురు రంగు చొక్కా వేస్తాడు, ప్రతి వాక్యాన్నీ ముందే మనసులో రాసుకుని గాని నోరు విప్పడు. వీటివల్ల జరిగే నష్టం రెండు రకాలు. గండం గడిస్తే ఆ ఘనత ఫోనుదీ స్తంభానిదీ అవుతుంది గాని తనది కాదు. పైగా ఫోను చూస్తూ పక్కన నిలబడ్డ అల్లుణ్ణి చూసినవాళ్లు "పొగరు" అనుకుని దూరంగా జరుగుతారు. దేనికి భయపడ్డాడో అదే జరుగుతుంది.

ఇంటికొచ్చాక కూడా అది అయిపోదు. రాత్రి పదకొండింటికి లైటు తీశాక అతను అడుగుతాడు: "మీ బాబాయితో నేను మాట్లాడింది పిచ్చిగా ఉందా?" లేదండీ, బాగానే మాట్లాడారు అంటుంది ఆమె. "ఆయన మధ్యలో అటు చూశాడే?" ఎవరో పిలిచుంటారు లెండి. "నిజంగానే?" ఇలా అర్ధరాత్రి దాకా. ప్రతి జవాబుకీ ఓ రెండు నిమిషాలు ప్రాణం కుదుటపడుతుంది, మళ్లీ ఇంకో ప్రశ్న లేస్తుంది. జరిగినదాన్ని తిరగేసి తిరగేసి చెడగొట్టుకోవడం ఈ రుగ్మతలో ముఖ్యమైన భాగం. తర్వాతి పిలుపు వచ్చేసరికి అతనికి గుర్తుండేది జరిగిన పెళ్లి కాదు, ఈ రాత్రి తయారైన పెళ్లి.

ఇప్పుడు స్వప్న చేస్తున్న పనులు చూడండి. అతని తరఫున బంధువులకి ఫోన్లు చేస్తుంది. అతన్ని ఎవరైనా ఏదైనా అడిగితే తనే జవాబిస్తుంది. అతని మొహం చూసి భోజనం కాకుండానే లేచి వచ్చేస్తుంది. రాత్రి ధైర్యం చెబుతుంది. తన స్నేహితురాళ్లను ఇంటికి పిలవడం మానేసింది, టీచర్లంతా కలిసి అరకు వెళ్తుంటే "మా ఇంట్లో కుదరదు" అంది. ఒక్కొక్కటీ ప్రేమతో చేసిందే. అన్నింటికీ ఫలితం ఒక్కటే, ఆ క్షణానికి అతని భయం దిగుతుంది. తప్పించుకుంటేనే భయం తగ్గుతుందన్న పాఠం మాత్రం అతని మెదడులో ఇంకోసారి గట్టిపడుతుంది. వెళ్లి ఉంటే ఏమయ్యేదో తెలుసుకునే అవకాశం పోతుంది. దీన్ని చికిత్సకులు 'అకామడేషన్' అంటారు. ఇంట్లోవాళ్లు రోగి భయానికి అనుగుణంగా తమ జీవితాన్ని మార్చుకోవడం అన్నమాట.

మరి మద్దతు ఇవ్వడం ఎలా? నేను ఒకటే కొలత పెడతాను. మీరు చేస్తున్న సాయం అతన్ని ఆ చోటికి ఒక అడుగు దగ్గర చేస్తోందా, దూరం చేస్తోందా? కారులో పక్కన కూర్చుని మండపం దాకా రావడం దగ్గర చేసేది. లోపల అతని బదులు మాట్లాడటం దూరం చేసేది. ఒకే పని ఒక నెలలో సాయమై ఇంకో నెలలో అడ్డం కావచ్చు. మొదటిసారి వెంట ఉండటం అవసరం, పదోసారీ కొంగు వదలకపోతే ఆ తోడు కూడా స్తంభం లాంటిదే.

స్వప్న బాబాయి కూతురి పెళ్లి తెనాలిలో, కార్తీకంలో. రెండు నెలల గడువుంది. ఒకప్పుడైతే శుభలేఖ వచ్చిన రోజు నుంచే ఇంట్లో మౌనయుద్ధం మొదలయ్యేది. ఈసారి ఆమె ఓ ఆదివారం మధ్యాహ్నం, ఏ పెళ్లి ప్రస్తావనా లేని తీరిక వేళలో మాట ఎత్తింది. బయల్దేరే గంటలో ఈ సంభాషణ పనికిరాదు, అప్పటికి భయం తారస్థాయిలో ఉంటుంది. ఆమె చెప్పిన దాంట్లో రెండు ముక్కలున్నాయి. "నలుగురిలోకి వెళ్లడం మీకెంత కష్టమో నాకు తెలుసండీ, మీరు నటించట్లేదు. కొంచెం కొంచెంగా మొదలుపెడితే మీరు తట్టుకోగలరని కూడా నాకు నమ్మకం ఉంది." మొదటి ముక్క ఒక్కటే చెబితే అది జాలి అవుతుంది, రెండోది ఒక్కటే అయితే దబాయింపు. రెండూ కలిపి చెప్పాలి.

తర్వాత ఇద్దరూ ఒక కాగితం మీద పెళ్లిని ముక్కలుగా విడగొట్టారు. ప్రతి ముక్కకీ సున్నా నుంచి వంద దాకా కిరణే భయం మార్కులు వేశాడు. బాబాయికి ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పడానికి 30. వాళ్లింటికి వెళ్లి కాఫీ తాగడానికి 40. తెలియనివాళ్ల మధ్య బంతిలో కూర్చుని తినడానికి 60. మండపంలో ఒక్కడే పావుగంట నిలబడటానికి 70. వేదిక ఎక్కి, వీడియో లైట్ల వెలుతురులో అక్షింతలు వేయడానికి 85. స్వప్న ఆశ్చర్యపోయింది. అతనికి మాట్లాడటమే కష్టమని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. మాటలకన్నా పెద్ద గండం తినడంలోనూ అక్షింతల్లోనూ, అంటే చెయ్యి వణకడం ఎవరైనా చూస్తారన్న దాంట్లో ఉందని ఆ కాగితం చూశాకే తెలిసింది. ఎవరి భయం ఎక్కడుందో వాళ్లనే అడిగి తెలుసుకోవాలి. పక్కవాళ్ల ఊహ చాలాసార్లు తప్పుతుంది.

కింది మెట్టుతో మొదలుపెట్టారు. ఫోన్ కిరణే చేశాడు, రెండు నిమిషాలు మాట్లాడాడు. రాసుకున్న కాగితం లేకుండా చేయడం షరతు. తర్వాత ఊళ్లో రద్దీగా ఉండే టిఫిన్ హోటల్లో, గోడవార కాకుండా మధ్య టేబుల్ దగ్గర కూర్చుని, ఫోను జేబులోనే ఉంచి, కాఫీ గ్లాసు ఒక చేత్తో పట్టుకుని తాగడం. వెళ్లేముందు అతను రాసిన జోస్యం "చెయ్యి వణుకుతుంది, కనీసం ముగ్గురు చూస్తారు." అక్కడ అతని పని, తన చేతిని కాకుండా పక్క టేబుళ్ల వాళ్లను చూడటం. ఎవరేం తింటున్నారు, ఎవరి చూపు ఎటుంది అని గమనించడం. చెయ్యి వణికింది. ఎవరూ చూడలేదు. ఓ చిన్నపిల్లాడు చూశాడు గాని వాడు చూసింది వడని. ఇంటికొచ్చి జోస్యం కింద జరిగింది రాశాడు. అదే హోటల్‌కి ఇంకో రెండుసార్లు వెళ్లాడు, రెండోసారి ఒక్కడే. ఒకసారి చేసి వదిలేసిన మెట్టు నిలవదు. విసుగు పుట్టేదాకా చేయాలి. భయం పూర్తిగా పోయాకే పై మెట్టు ఎక్కుతానంటే మాత్రం ఎప్పటికీ ఎక్కలేరు.

తేడా వచ్చింది తెనాలి కాఫీ దగ్గర. పిన్ని అడిగింది, "ఏం బాబూ, మాతో అసలు మాట్లాడవేం?" స్వప్న వెంటనే అందుకుంది, "ఆయనంతే పిన్నీ, ఇంట్లో కూడా తక్కువే." అతని మొహంలో పెద్ద బరువు దిగింది. తిరుగు దారిలో మంగళగిరి దాటేదాకా ఇద్దరికీ మాటల్లేవు. ఏళ్ల అలవాటు కదా, మొగుడు ఇరుకున పడ్డాడనగానే నోరు దానంతటదే లేస్తుంది. ఇక్కడ మార్చుకోవాల్సింది ఆమె. అప్పటినుంచి ఒక ఒప్పందం పెట్టుకున్నారు. అతన్ని ఎవరైనా అడిగితే ఆమె మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా మాట్లాడకూడదు. అతను తడబడితే తడబడనివ్వాలి. తర్వాతి వారం పిన్ని ఫోనులో అదే దెప్పితే అతనే అన్నాడు, "నాకు మాటలు కొంచెం ఆలస్యమండీ, అలవాటైతే వస్తాయి." పిన్ని నవ్వేసింది. అది గొప్ప జవాబేమీ కాదు. కానీ అతని నోటి నుంచి వచ్చింది.

రాత్రి ప్రశ్నల దగ్గరా పద్ధతి మారింది. "పిచ్చిగా మాట్లాడానా?" అంటే ఆమె ఒక్కసారే జవాబు చెబుతుంది. రెండోసారి అడిగితే, "ఇది మీ భయం అడుగుతున్న ప్రశ్నండీ, దానికి ఎన్నిసార్లు చెప్పినా చాలదు. పొద్దున కాగితం మీద రాద్దాం" అని అటు తిరిగి పడుకుంటుంది. ఈ మాట వినడానికి కఠినంగా ఉంటుంది. ముందే ఇద్దరూ అనుకుని ఉండకపోతే నిజంగానే కఠినం. అందుకే ఇలాంటివన్నీ పగటిపూట, అతని ఒప్పుదలతో పెట్టుకోవాలి.

పెళ్లికి వేసుకున్న ప్లాను ఇది. రాత్రి రిసెప్షన్‌కి కిరణ్ తన బండి మీద వస్తాడు. ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఉంటాడు. అక్షింతలు వేస్తాడు, బంతిలో కూర్చుని తింటాడు, పావుగంట ఒక్కడే ఉంటాడు. తొమ్మిదిన్నరకి విజయవాడ వెళ్లిపోతాడు. స్వప్న తెల్లవారుజాము ముహూర్తం దాకా తనవాళ్లతోనే ఉండి మర్నాడు వస్తుంది. వెళ్లే సమయాన్ని గడియారం మీద పెట్టారు, భయం మీద పెట్టలేదు. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గాని చాలా ముఖ్యం. భయం ఎక్కువైనప్పుడల్లా వెళ్లిపోవచ్చు అనుకుంటే ప్రతి నిమిషమూ "ఇప్పుడా, ఇప్పుడా" అన్న లెక్కే నడుస్తుంది, పైగా భయం పైకెక్కినచోటే ఆట ఆగిపోతుంది. తొమ్మిదిన్నర అని ఉంటే ఎనిమిదింటికి ఎక్కిన భయం ఎనిమిదిన్నరకి కాస్త దిగడం అతనే చూస్తాడు. మరీ తట్టుకోలేకపోతే బయట ఐదు నిమిషాలు గాలి పీల్చుకుని మళ్లీ లోపలికి రావాలని కూడా అనుకున్నారు.

ఎనిమిదింటికి అతను బయటికి వెళ్లాడు కూడా. ఐదు నిమిషాలు పావుగంట అయింది. స్వప్న వెంట పరిగెత్తలేదు. తిరిగొచ్చి వేదిక ఎక్కాడు. అక్షింతలు సగం కింద పడ్డాయి, అందరివీ అలాగే పడుతున్నాయని తర్వాత కాగితంలో రాశాడు. ఒంటరిగా పావుగంట నిలబడటం మాత్రం కుదరలేదు. అది తర్వాతి పిలుపుకి మిగిలింది.

ఇక స్వప్న తన జీవితం సంగతి. ఈ భాగం అతను బాగుపడేదాకా ఆగక్కర్లేదు, ఆగకూడదు. ఆమె తన పిలుపులను మూడుగా విడగొట్టుకుంది. అతను వచ్చినా రాకపోయినా వెళ్లేవి: తోబుట్టువుల ఇళ్లలో శుభకార్యాలు, స్నేహితురాళ్ల నెలవారీ కలయిక, స్కూలు ప్రయాణాలు. అతన్ని రమ్మని నిజంగా కోరుకునేవి: ఏడాదికి నాలుగైదు, వాటిని ఇద్దరూ ముందే ఎంచుకుని మెట్లు వేసుకుంటారు. తనకే పెద్ద ఆసక్తి లేనివి వదిలేయడం, అదీ అతన్ని అడ్డం పెట్టుకోకుండా. ఈ మూడోది నిజాయితీగా ఒప్పుకోవడం కూడా ముఖ్యమే. కొన్నిసార్లు మనకే వెళ్లబుద్ధి కాక పక్కవాళ్ల భయం మీద తోసేస్తాం.

వెళ్లినప్పుడు పూర్తిగా వెళ్లాలి. అరగంటకోసారి "ఏం చేస్తున్నారు, బాధగా ఉందా" అని ఫోన్ చేస్తే అటు అతనికి తప్పు చేసిన భావన, ఇటు ఆమెకి సరదా లేదు. చేరగానే ఒక మెసేజ్, బయల్దేరేటప్పుడు ఒకటి చాలు. తిరిగొచ్చాక అక్కడి కబుర్లు మామూలుగా చెప్పాలి. అతను నొచ్చుకుంటాడని దాచుకోవద్దు, "మీరొచ్చి ఉంటే" అని సాధించనూ వద్దు. ఇంటికి స్నేహితురాళ్లు వచ్చినప్పుడు వాళ్లది ఇంకో ఏర్పాటు. కిరణ్ వచ్చి పది నిమిషాలు కూర్చుని పలకరించి, "పని ఉందండీ" అన్న అబద్ధం లేకుండా "మీరు మాట్లాడుకోండి" అని లోపలికి వెళ్తాడు. పడగ్గది తలుపేసుకుని మూడు గంటలు దాక్కోవడం కంటే ఆ పది నిమిషాలు ఎంతో నయం.

బంధువులకి ఏం చెప్పాలన్నది నాకు తేలిగ్గా తేలని విషయం. రోగం పేరు చెబితే మనవాళ్లలో కొందరు దాన్ని పదిమందికీ పంచుతారు, ఇంకొందరు దిష్టి తీయించమంటారు. అబద్ధం చెబితే ఆ అబద్ధానికి కాపలా కాయాలి. మధ్య దారి ఒకటుంది. "మా ఆయనకి ఎక్కువమందిలో ఉండటం కష్టం, నేనొచ్చాగా" అని నవ్వుతూ చెప్పేసి మాట మార్చడం. అయితే ఏం చెప్పాలో అతనితో ముందే అనుకుని చెప్పాలి. తన గురించిన సంగతి ఎంతవరకు బయటికి వెళ్లాలన్నది తేల్చాల్సింది అతనే.

ఇదే కథ తిరగబడి భార్యకి ఈ భయం ఉంటే కనిపెట్టడం ఇంకా కష్టం. ఆడవాళ్లకి దాక్కోవడానికి మన ఫంక్షన్లలో ఒక గౌరవప్రదమైన చోటుంది, అది వంటగది. వడ్డన, గిన్నెలు, పసిపిల్లలు అంటూ ఆమె పొద్దస్తమానం పనిలోనే ఉంటుంది. "కోడలు పనిమంతురాలు" అని మెచ్చుకుంటారు. హాల్లోకి వచ్చి అందరితో కూర్చోమంటే గాని అసలు సంగతి బయటపడదు. తన సీమంతానికి, తన్ను కుర్చీలో కూర్చోబెట్టి అందరూ గాజులు తొడిగే రోజుకి, ఆమె వారం ముందు నుంచీ నిద్రపోదు. అలాంటి భార్యను మొగుడు "మా ఆవిడకి ఇవన్నీ ఇష్టముండవు" అని తన స్నేహితుల నుంచి తప్పించేస్తే, అదీ స్వప్న చేసిన పనే.

ఒక హెచ్చరిక మాత్రం వేరే చెప్పాలి. భయమున్న మనిషి తాను రానంటాడు. మీరు వెళ్లకూడదు అనడు. వెళితే బెంగపడొచ్చు, కాస్త అలగొచ్చు, అంతే. మీ ఫోను చూడటం, ఎవరితో మాట్లాడారని నిలదీయడం, వెళ్లినందుకు రోజుల తరబడి శిక్షించడం, మీ వాళ్లతో తెగతెంపులు చేయించడం జరుగుతుంటే దాని పేరు సోషల్ యాంగ్జయిటీ కాదు. అక్కడ మెట్లూ మార్కులూ పనిచేయవు. అది అదుపు చేయడం, దానికి కావాల్సిన సాయం వేరు.

భార్య ఎంత ఓర్పుగా ఉన్నా థెరపిస్టు కాదు, ఆ పని ఆమె మీద వేయకూడదు. ఈ రుగ్మతకి బాగా పనిచేసే చికిత్సలు ఉన్నాయి. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, సీబీటీ అంటారు. కిరణ్ కాగితం మీద చేసిందే ఇందులో ఒక పద్ధతి ప్రకారం, లోతుగా చేయిస్తారు. బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో నాలుగు నెలల్లో గంటన్నర చొప్పున 14 సిటింగుల వరకూ సూచించింది. అందులో ఒక పని చాలామందికి కళ్లు తెరిపిస్తుంది. మనిషి మాట్లాడుతుండగా వీడియో తీసి, తనెలా కనిపించి ఉంటాడో ముందు ఊహించమని, తర్వాత చూపిస్తారు. లోపల ఎగసిపడ్డ గుండెదడ వీడియోలో కనబడదు. భయం మరీ ఎక్కువగా ఉంటే, లేదా దిగులు కూడా కమ్ముకుంటే, సైకియాట్రిస్టులు సెర్ట్రాలిన్, ఎసిటలోప్రామ్ వంటి మందులు రాస్తారు. వాటి ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది, సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు. మందుల షాపులో తెలిసినవాళ్ల చేత తెచ్చుకునే ఆల్‌ప్రజోలమ్ మాత్రలు వేరు. అవి అరగంటలో గుండెదడ తగ్గిస్తాయి, అలవాటుగా మారతాయి. ఫంక్షన్‌కి ముందు రెండు పెగ్గులు వేసుకునే మగవాళ్ల సంగతీ అంతే. పెగ్గు వేసుకుంటే గాని మనుషుల్లోకి రాలేని స్థితి కనబడితే ఆలస్యం చేయొద్దు. బతకడం దండగ అన్న మాట వచ్చినా అంతే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. చాలా ప్రభుత్వ వైద్య కళాశాలల ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది.

డాక్టరు దగ్గరికి చచ్చినా రానంటే? ఇది చాలామంది అడిగే ప్రశ్న. ఇక్కడ పిల్లల వైద్యంలో తెలిసిన ఒక సంగతి పనికొస్తుంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ బృందం 2020లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఆందోళన రుగ్మతలున్న పిల్లల్లో కొందరికి నేరుగా సీబీటీ ఇచ్చారు. మిగతావాళ్ల విషయంలో పిల్లల్ని కలవకుండా తల్లిదండ్రులకి మాత్రమే, ఆ భయానికి మేత వేయడం ఎలా తగ్గించుకోవాలో నేర్పారు. ఫలితాల్లో రెండోది మొదటిదానికి తీసిపోలేదు. మొగుడు పిల్లాడు కాడు, కాబట్టి దాన్ని యథాతథంగా ఇంటికి తెచ్చుకోలేం. అయినా తీసుకోదగ్గది ఒకటుంది. అతను మారడానికి ఒప్పుకోకపోయినా, మీరు చేస్తున్నదాన్ని మీరు మార్చుకోవచ్చు.

అలా మార్చుకోవాలనుకుంటే ఒకేసారి అన్నీ ఆపకండి. ఒక్కటి ఎంచుకోండి. ఉదాహరణకి, అతని తరఫున అబద్ధం చెప్పడం. ఎప్పటినుంచి ఆపుతారో ముందే, శాంతంగా చెప్పండి. "ఏమండీ, మీరు రాలేకపోతే నేను బలవంతం చేయను. కానీ జ్వరమనీ ఆడిటింగనీ ఇకమీదట నేను చెప్పను. మా అన్నయ్యకి మీరే ఫోన్ చేసి రావట్లేదని చెప్పండి. నేను మాత్రం వెళ్తాను." మొదట్లో చిరాకు పెరుగుతుంది, రెండు మూడు పిలుపుల దాకా గొడవ కూడా ఉండొచ్చు. పట్టుబడితే మళ్లీ పాత పద్ధతికి వస్తారేమోనని అతను చూస్తాడు. ఆ దశలో ఒకసారి లొంగి ఒకసారి గట్టిగా ఉంటే పట్టుదల ఇంకా పెరుగుతుంది. గొంతు పెంచకుండా, అదే మాట మీద, అవే మాటలతో నిలబడండి. అన్నయ్యకి చేయాల్సిన ఆ ఫోన్ కిందటి కాగితంలో 30 మార్కుల పని. అతనికి తెలియకుండానే మొదటి మెట్టు దాని దగ్గరే మొదలవుతుంది.